చాట్ సపోర్ట్ టెస్టులో ఆగిపోవడానికి కారణం

"బెంగళూరులో ఇంటి నుంచి చేసే చాట్ ఉద్యోగానికి రెండుసార్లు టెస్టు రాశాను. టైపింగ్ 40 దాటినా తీసుకోలేదు. జీతం ఎంత ఉంటుంది?"

మీరు బహుశా ఒకేసారి రెండు మూడు చాట్లు ఇచ్చే నమూనా పరీక్షలో ఆగిపోతున్నారు. నిమిషానికి 40 పదాల వేగం చాలాచోట్ల సరిపోతుంది.

1. మొదటి కస్టమరుకు పూర్తి జవాబు రాసేదాకా రెండవవారిని పలకరించకపోతే, తొలి స్పందన ఆలస్యమైనట్లు లెక్కిస్తారు. రెండవ చాట్ తెరుచుకోగానే "మీ ఆర్డరు వివరాలు చూస్తున్నాను, రెండు నిమిషాలు సమయం ఇవ్వండి" అని ఇంగ్లీషులో రాసి, ఆ తరువాతే మొదటిదానికి తిరిగి వెళ్లండి. జవాబు సిద్ధం కాకపోయినా ఆ రెండు నిమిషాలు ముగిసేలోగా మళ్లీ ఒక వాక్యం రాయాలి. చాలామంది వదిలేసేది ఇదే.

2. షిఫ్టు సాధారణంగా విరామంతో కలిపి 9 గంటలు, అమెరికా కస్టమర్లయితే రాత్రిపూట ఉంటుంది.

3. కొత్తవారికి నెలకు సుమారు 18 నుంచి 25 వేలు ఇస్తారు. పీఎఫ్ పోగా చేతికి వచ్చేది ఎంతో ముందే అడగండి.