దుబాయ్‌లో కార్డు: దిర్హమ్‌లా, రూపాయలా?

దుబాయ్ షాపులో కార్డు పెడితే మెషీన్ AED కావాలా, INR కావాలా అంటోంది. ఏది నొక్కాలి?

AED నొక్కండి. INR నొక్కితే రేటు పెట్టేది షాపు మెషీన్ నడిపే సంస్థ. దాని లాభం ఆ రేటులోనే కలిసి ఉంటుంది. 1,000 దిర్హమ్‌ల బిల్లుకు వీసా, మాస్టర్‌కార్డ్ లాంటి కార్డు నెట్‌వర్క్ రేటు దిర్హమ్‌కు 23 రూపాయలనుకుందాం. 23,000కు విదేశీ వాడకం మీద బ్యాంకు వేసే మార్కప్ చార్జీ 3.5 శాతం, అంటే 805; దాని మీద 18 శాతం జీఎస్టీ 145. మొత్తం 23,950. మెషీన్ 24.40 రేటు చూపిస్తే 24,400 అవుతుంది. రూపాయల్లో కడితే బ్యాంకు చార్జీ ఉండదని చాలామంది అనుకుంటారు, కానీ దానికీ విడిగా ఫీజు వేసే బ్యాంకులు చాలా ఉన్నాయి. తెర మీద INR మొత్తం కనిపిస్తే పిన్ కొట్టకుండా రద్దు చేయించండి. బయల్దేరే ముందే బ్యాంకు యాప్‌లో ఇంటర్నేషనల్ వాడకం ఆన్ చేసుకోండి. లేకపోతే కార్డులో డబ్బున్నా లావాదేవీని బ్యాంకు తిరస్కరిస్తుంది.