పీరింగ్ Active అంటోంది, డేటాబేస్ అందడం లేదు

ప్రశ్న: మా ప్రొడక్షన్ నెట్‌వర్క్ 10.20.0.0/16, రిపోర్టులది 10.30.0.0/16. రెండింటికీ పీరింగ్ పెట్టాం, Active అని చూపిస్తోంది. రిపోర్టుల వైపు రూట్ కూడా వేశాం. అయినా అక్కడి సర్వర్ నుంచి ప్రొడక్షన్ డేటాబేస్‌కి టైమవుట్ వస్తోంది. డెవ్ నెట్‌వర్క్ 10.20.128.0/17ని ప్రొడక్షన్‌కి కలపబోతే పీరింగే ఫెయిలవుతోంది. ఏం చేయాలి?

జవాబు: మీరు వెళ్లే దారి వేశారు, తిరిగొచ్చే దారి వేయలేదు. ఇదే ఫిర్యాదు నాకు ఎన్నిసార్లు వచ్చిందో లెక్కలేదు, ప్రతిసారీ ఆ Active అన్న పచ్చటి మాటను నమ్మే మోసపోతున్నారు. ఆ మాటకు అర్థం రెండు పక్షాలూ ఒప్పుకున్నాయని మాత్రమే, రూట్లు ఉన్నాయని కాదు. కొన్ని క్లౌడ్‌లలో పీరింగ్‌తోపాటే రూట్లు వాటంతటవే పడతాయి. పీరింగ్ ఐడీ pcx- అని మొదలయ్యే చోట మాత్రం రెండు వైపులా మీరే వేయాలి. ఒక్క రూట్ కూడా లేని పీరింగ్‌ని పచ్చరంగులో చూపించే ఆ స్క్రీన్ తయారుచేసినవాళ్ల మీద నాకు నిజంగా కోపం, ఒక్క హెచ్చరిక వాక్యం పెడితే పోయేది.

మీ డేటాబేస్ ఉన్న సబ్‌నెట్ రూట్ టేబుల్ తెరిస్తే బహుశా ఇలా ఉంటుంది:

```
10.20.0.0/16   local
0.0.0.0/0      nat-...
```

రిపోర్టుల సర్వర్ అడ్రస్ 10.30.4.15 అనుకోండి. అక్కడినుంచి వచ్చిన ప్యాకెట్ డేటాబేస్‌ని చేరింది, డేటాబేస్ జవాబూ ఇచ్చింది. కానీ ఆ జవాబు 10.30.4.15కి పోవాలంటే ఈ టేబుల్లో సరిపోయే వరుస రెండోదే, అంటే ఇంటర్నెట్ వైపు దారి. ప్రైవేట్ అడ్రస్ అటుగా వెళ్లి ఎక్కడికీ చేరదు, ప్యాకెట్ అక్కడితో సరి. కావలసింది ఈ ఒక్క వరుస:

```
10.30.0.0/16   pcx-...
```

ఇది వేసేటప్పుడు రూట్ టేబుళ్ల జాబితా చూసి ఏదో ఒకదాంట్లో వేయకండి, డేటాబేస్ సబ్‌నెట్ తెరిచి దానికి ఏ టేబుల్ తగిలించి ఉందో చూసి దాంట్లో వేయండి. చాలామంది మెయిన్ టేబుల్లో వేసి, సబ్‌నెట్ వేరే టేబుల్ వాడుతోందని గమనించక రోజంతా పోగొట్టుకుంటారు. పాత పీరింగ్ తీసేసి కొత్తది పెట్టి ఉంటే పాత రూట్ blackhole అని మిగిలి ఉంటుంది, దాన్నీ కొత్త ఐడీకి మార్చాలి.

రూటేనా, ఫైర్‌వాలా అన్న అనుమానం ఉంటే ఫ్లో లాగ్ చూడండి. డేటాబేస్ వైపు వచ్చినదీ పోయినదీ రెండూ ACCEPT అని ఉండి, రిపోర్టుల వైపు పోయినది మాత్రమే కనిపిస్తే జవాబు దారిలోనే పోతోందన్నమాట. డేటాబేస్ వైపు REJECT కనిపిస్తే అప్పుడు సెక్యూరిటీ గ్రూప్ సంగతి చూడాలి. టైమవుట్ కాకుండా connection refused వచ్చిందంటే దాదాపుగా రూట్లు బాగానే ఉన్నట్టే, ఆ పోర్ట్‌లో ఎవరూ వినడం లేదు, అంతే.

నాకు అన్నిటికంటే టెన్షన్ పెట్టేది ఈ దశలో జనం చేసే పని. రూట్ లేక ఆగిన కనెక్షన్ కోసం సెక్యూరిటీ గ్రూప్‌లో 5432 పోర్ట్‌ని 0.0.0.0/0కి తెరుస్తారు. దాంతో ఏమీ మారదు, ఎందుకంటే జబ్బు అక్కడ లేదు. అప్పుడు ఎవరో డేటాబేస్‌కి పబ్లిక్ అడ్రస్ ఇచ్చి, దాని సబ్‌నెట్ రూట్‌ని nat నుంచి ఇంటర్నెట్ గేట్‌వేకి మార్చేస్తారు, ఇంటర్నెట్ మీదుగా కనెక్ట్ అయిపోతుంది, హమ్మయ్య అనుకుని టికెట్ మూసేస్తారు. కస్టమర్ల డేటా ఉన్న డేటాబేస్ ఊరందరికీ తలుపు తెరుచుకుని కూర్చుంటుంది, పాస్‌వర్డ్ ఒక్కటే అడ్డు. పీరింగ్ పెట్టుకున్నదే ప్రైవేట్‌గా ఉంచడానికి కదా! మీ టీమ్‌లో ఎవరైనా ఇలాంటిది చేశారేమో ముందు అది చూడండి, రూట్ సంగతి తర్వాత. ఆ గ్రూప్‌లో సోర్స్ 10.30.4.0/24 చాలు, మొత్తం /16 కూడా అక్కర్లేదు.

ఇక డెవ్ నెట్‌వర్క్. 10.20.0.0/16 అంటే 10.20.0.0 నుంచి 10.20.255.255 దాకా, మీ డెవ్ 10.20.128.0 దగ్గర మొదలవుతుంది కాబట్టి మొత్తం దాని కడుపులోనే ఉంది. 10.20.130.5 అని అడిగితే ప్రొడక్షన్ అది తన సొంత అడ్రసే అనుకుంటుంది, అందుకే పీరింగ్‌ని మొదట్లోనే తిరస్కరిస్తారు. డెవ్‌కి ఇంకో రేంజ్ అదనంగా తగిలించినా లాభం లేదు, పాతది ఇంకా ఢీకొడుతూనే ఉంటుంది, మొదటి రేంజ్‌ని మార్చనివ్వరు.

కాబట్టి డెవ్‌ని 10.40.0.0/16 లాంటి ఖాళీ రేంజ్‌తో కొత్తగా కట్టి, మెషీన్లు అక్కడికి మార్చండి. అది కుదరక, ప్రొడక్షన్‌లో ఒకే ఒక సర్వీస్ డెవ్‌కి కావాలంటే, దాని ముందు లోడ్ బ్యాలెన్సర్ పెట్టి ప్రైవేట్ ఎండ్‌పాయింట్‌గా ఇవ్వొచ్చు. ఆ ఎండ్‌పాయింట్‌కి డెవ్ సొంత రేంజ్‌లోంచే అడ్రస్ వస్తుంది కాబట్టి ఢీకొనే సమస్య రాదు, కాకపోతే కనెక్షన్ మొదలుపెట్టగలిగేది డెవ్ వైపు నుంచి మాత్రమే.