దర్గాకు వెళ్తూ మాత్రలు వాడవచ్చు, పసరు మాత్రం ఆపండి

ప్రశ్న: మా తమ్ముడికి 23 ఏళ్లు. అయిదు నెలలుగా ఎవరో తనను తిడుతున్నట్టు వినబడుతోందంటాడు. అన్నంలో మేమే ఏదో కలిపామని అనుమానం. మానసిక వైద్యుడికి చూపిస్తే రాత్రిపూట రిస్పెరిడోన్ 4 మి.గ్రా. రాశారు, చేతికున్న తాయెత్తు చూసి కోప్పడ్డారు. మూడో రోజు వాడి మెడ ఒక పక్కకు తిరిగిపోయి, కళ్లు పైకి నిలబడిపోయాయి. లోపల ఉన్నది మందుకు ఎదురు తిరిగిందని అమ్మ మాత్రలు ఆపేసి దర్గాకు తీసుకెళ్లింది. అక్కడే గది తీసుకుని ఉంటున్నారు. ఇప్పుడు కాస్త నిద్రపోతున్నాడు. ఊళ్లో ఒక నాటువైద్యుడు రోజూ తాగమని పసరు ఇచ్చాడు. దర్గా, డాక్టరు రెండూ కలిపి సాగించవచ్చా?
— ఒక పాఠకురాలు, ఒంగోలు

జవాబు: సాగించవచ్చు. అయితే ముందుగా ఆ మూడో రోజు సంగతి మీ అమ్మగారికి అర్థమయ్యేలా చెప్పాలి. అది తెలియకపోతే మళ్లీ మాత్ర ముట్టనివ్వరు.

మీరు రాసినదాన్ని బట్టి అది చాలావరకు మందు వల్ల వచ్చిన కండరాల బిగుతు. డిస్టోనియా అంటాం. మెదడులో డోపమైన్ అనే రసాయనం పనిని ఈ మందు తగ్గిస్తుంది, దానివల్లే అనుమానాలూ వినిపించే మాటలూ తగ్గుతాయి. కదలికలను నడిపేదీ అదే డోపమైన్ కాబట్టి, మోతాదు ఒక్కసారిగా ఎక్కువైతే మెడ, నాలుక, కళ్ల కండరాలు పట్టేస్తాయి. మందు మొదలుపెట్టిన మొదటి కొద్ది రోజుల్లోనే, అదీ మీ తమ్ముడి వయసు మగపిల్లల్లో ఎక్కువగా కనిపిస్తుంది. ప్రోమెథజైన్ వంటి ఇంజెక్షన్ ఇస్తే సాధారణంగా అరగంటలో సర్దుకుంటుంది. అదేమిటో తెలియని ఇంట్లో కళ్లు పైకి తేలేసిన కొడుకును చూసిన తల్లి పూనకం ముదిరిందనుకోవడంలో వింత లేదు. మొదటి చీటీ రాసిన రోజునే ఇలా జరగవచ్చని, జరిగితే వెంటనే ఆసుపత్రికి రమ్మని చెప్పడం డాక్టరు బాధ్యత. తాయెత్తు మీద ఖర్చు చేసిన సమయం దీనికి సరిపోయేది.

దర్గాలో నిద్ర పట్టడం కూడా నిజమే అయి ఉంటుంది. తమిళనాడులోని ఒక గుడిలో బస చేసిన 31 మంది మానసిక రోగులను బెంగళూరు నిమ్హాన్స్ వైద్యులు పరిశీలించి 2002లో ఒక వ్యాసం ప్రచురించారు. అక్కడ మందుల్లేవు, ప్రత్యేకమైన తంతులూ లేవు. సగటున ఆరు వారాలు గుడి పనుల్లో చేయి వేస్తూ ఉన్నారంతే. రోగ లక్షణాల కొలత దాదాపు 20 శాతం తగ్గింది. తిట్టేవారు లేని చోట, తోడుగా మనుషులున్న చోట రోగి కుదుటపడతాడని దాన్నుంచి నేను గ్రహించాను. కానీ పోల్చిచూడటానికి గుడికి వెళ్లని రోగుల బృందం ఆ అధ్యయనంలో లేదు, ఇంటికి వెళ్లాక ఎన్నాళ్లు నిలిచిందీ చెప్పలేం. వినిపించే మాటలు ఆగడానికీ, మళ్లీ రాకుండా ఉండడానికీ మందు కావాలి.

రెండూ కలిస్తే ఏమవుతుందో ఘనా, నైజీరియాల్లో చూశారు. సంప్రదాయ వైద్యుల దగ్గర, ప్రార్థనా శిబిరాల్లో ఉన్న మీ తమ్ముడిలా మాటలు వినిపించే, అనుమానాలుండే 307 మంది సైకోసిస్ రోగుల మీద జరిగిన అధ్యయనం 2020లో వచ్చింది. కొన్ని చోట్ల ఆరోగ్య సిబ్బంది క్రమంగా వెళ్లి మందులిచ్చారు, వైద్యం చేసే మతగురువులతో కలిసి పనిచేశారు. మిగతా చోట్ల పాత పద్ధతే. ఆరు నెలలకు కలిసి పనిచేసిన చోటి రోగులే బాగా మెరుగుపడ్డారు. మన దగ్గరా గుజరాత్‌లో ఉనావాలోని మీరా దాతార్ దర్గాలో ‘దవా-దువా’ పేరుతో ఇలాంటి ఏర్పాటు ఉంది. ముజావర్లు ప్రార్థన చేసి, పక్కనే ఉన్న మానసిక వైద్యుడి దగ్గరికి పంపుతారు. ముజావరు చెప్పాడంటే మాత్ర మింగుతారు. అందుకే నా సలహా: మీ దర్గా ముజావరుతో మీరే మాట్లాడండి. ‘మందు కూడా వాడమ్మా’ అని ఆయన నోటి నుంచి వస్తే మీ అమ్మగారి దగ్గర నా మాట కంటే బలంగా పనిచేస్తుంది.

ఇక ఒప్పందం ఇలా ఉండాలి. తాయెత్తు, ఫాతిహా, విభూతి, గురువారం దర్శనం, మొక్కులు అన్నీ ఉంచండి, వాటికీ మందుకూ పేచీ లేదు. పసరు మాత్రం ఆపండి. పిచ్చికి ఇచ్చే పసర్లలో ఉమ్మెత్త, సర్పగంధి కలిసే అవకాశముంది. ఉమ్మెత్త వల్ల నోరు ఎండిపోవడం, కంటిపాపలు పెద్దవి కావడం, మూత్రం బిగుసుకోవడం, లేనివి కనిపించడం జరుగుతాయి. డిస్టోనియా రాకుండా మేమిచ్చే ట్రైహెక్సిఫెనిడిల్ మాత్రకూ ఇలాంటి ప్రభావాలే ఉంటాయి. రెండూ కలిస్తే పిల్లవాడు పూర్తిగా అయోమయంలో పడతాడు, దాన్నీ దయ్యం పనే అంటారు. సర్పగంధి రిస్పెరిడోన్‌తో కలిస్తే రక్తపోటు పడిపోయి లేవగానే కళ్లు తిరుగుతాయి. ఏ ఆకో తెలియకపోతే పసరు సీసానే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. కొట్టడం, కంట్లో ముక్కులో ఏమైనా పోయడం, మిరప పొగ పెట్టడం, కట్టేయడం ఏ పేరుతోనూ ఒప్పుకోకండి. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో మంటలంటుకుంటే గొలుసులతో కట్టి ఉంచిన 28 మంది రోగులు చనిపోయారు. 2017 మానసిక ఆరోగ్య చట్టం గొలుసులను పూర్తిగా నిషేధించింది.

మందు మళ్లీ మొదలుపెట్టేది డాక్టరు ద్వారానే, పాత 4 మి.గ్రా. మీరే వేయకండి. సాధారణంగా 1 లేదా 2 మి.గ్రా.తో మొదలుపెట్టి మెల్లగా పెంచుతాం, అవసరమైతే మొదటి కొన్ని వారాలు ట్రైహెక్సిఫెనిడిల్ తోడిస్తాం. రాత్రి ఒక్క మోతాదే కాబట్టి ఉపవాసాలకూ అడ్డు రాదు, నీళ్లు మాత్రం మానకూడదు. ఇంకొక చిక్కు కాలంతో వస్తుంది. మందు గుణం రెండు వారాలకు కొంచెం, పూర్తిగా తేలడానికి ఆరు వారాల దాకా పడుతుంది. ఆపితే రోగం వెంటనే తిరగబెట్టదు, కొన్ని వారాలో నెలలో ఆగి వస్తుంది. అందువల్ల మేలును మొక్కుకూ, తిరగబెట్టడాన్ని దృష్టి దోషానికీ రాసేస్తారు. మొదటిసారి వచ్చినవారికి తగ్గాక కూడా కనీసం ఏడాది, రెండేళ్లు కొనసాగించాలి. క్యాలెండరులో మాత్ర వేసిన రోజు, నిద్ర, మాటలు వినబడటం రాసుకుంటూ పోండి. దర్గా గదిలో ఉన్నా రాయవచ్చు.

నా తోటి వైద్యులకు ఒక మాట. ‘ఇలా ఎందుకైందని మీరు అనుకుంటున్నారు? ఇంతకుముందు ఎవరికి చూపించారు? అక్కడ ఏం చేశారు, దేనివల్ల మేలనిపించింది?’ అని అడగడానికి అయిదు నిమిషాలు చాలు. దయ్యం ఉందని మనం ఒప్పుకోనక్కర్లేదు, నమ్ముతున్నట్టు నటించనూ కూడదు. ‘మీ నమ్మకం మీది, మెదడు సంగతి నాకు వదిలేయండి’ అంటే చాలామంది వింటారు. కసిరితే దర్గా మానరు, దర్గా సంగతి దాస్తారు. పసరు విషయం అప్పుడే మన చీటీలోకి రాకుండా పోతుంది.

ఒంట్లో బాగా జ్వరం, కర్రలా బిగుసుకుపోవడం, మగత కలిసి వస్తే, లేదా ఫిట్స్ వస్తే, లేదా చచ్చిపోతానని అంటే దర్గా గది నుంచి నేరుగా 108లో పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి. పాత డాక్టరు దగ్గరికి వెళ్లడానికి మీ అమ్మగారికి మనసు రాకపోతే వేరే మానసిక వైద్యుడిని చూడండి, చికిత్స మాత్రం వదలకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, దగ్గర్లో ఎక్కడ చూపించాలో చెబుతారు.