దిద్దిన పాఠం ఉండగా ఓసీఆర్ ముడి పాఠం ఎందుకు?

ప్రశ్న: స్కాన్ బొమ్మ, దిద్దిన పాఠం రెండూ ఉన్నాయి. బొమ్మలోని అక్షరాలను చదివి పాఠంగా మార్చే ఓసీఆర్ ఇచ్చిన తప్పుల తడకను కూడా దాచాలా?

దాచాలి. తప్పు ఎక్కడ పుట్టిందో చెప్పేది అదే. రిజిస్టరు 14వ పేజీ బొమ్మలో 1,350 ఉంది, దిద్దిన పాఠంలో 1,850 ఉంది అనుకోండి. ముడి పాఠంలోనూ 1,850 ఉంటే, ఓసీఆర్ 3ని 8గా చదివింది, దిద్దినవాళ్లు గమనించలేదు. అందులో 1,350 ఉంటే మాత్రం ఆ అంకెను మార్చింది మనిషే. ఎవరు, ఎప్పుడు, ఎందుకు అని అడగాల్సిందే. ముడి ఫైలు లేకపోతే ఈ రెండింటికీ తేడా తెలియదు.

కావాలంటే ఓసీఆర్ మళ్లీ నడుపుకోవచ్చులే అనుకోకండి. వెర్షన్ మారితే ఫలితమూ మారవచ్చు. అందుకే ఇంజిన్ వెర్షన్, సెట్టింగులు పక్కనే రాసి, ముడి ఫైలును రీడ్-ఓన్లీ చేసేయండి.

మూడింటినీ ఫైలు పేర్లతో కాకుండా, ఫైలులో ఏది మారినా తానూ మారే గుర్తైన హ్యాష్‌తో ముడిపెట్టండి:

```
sha256sum p014.tif p014.raw.txt
```

ముడి పాఠం రికార్డులో బొమ్మ హ్యాష్, దిద్దిన పాఠం రికార్డులో ముడి పాఠం హ్యాష్ ఉండాలి. వంకరగా ఉన్న బొమ్మను సరిచేసి అదే పేరుతో సేవ్ చేస్తే హ్యాష్ కలవదు, సరిచూడగానే దొరికిపోతుంది. సరిచేసిన బొమ్మను వేరే వెర్షన్‌గా పెట్టి, ఓసీఆర్ దేని మీద నడిచిందో దాని హ్యాషే రాయండి.