చెల్లి పెళ్లికి ఉర్దూలో లీవ్ లెటర్

మాది మదనపల్లె. బెంగళూరులో ఉర్దూ మీడియం స్కూల్లో లెక్కల టీచర్‌ని. చెల్లి పెళ్లికి ప్రిన్సిపాల్ మేడమ్‌కి ఉర్దూలో లీవ్ లెటర్ ఎలా రాయాలి?

నెట్‌లో దొరికే నమూనాలు ఎక్కువగా పిల్లలవే. వాటి చివర ‘ఆప్ కా ఫర్మాబర్దార్ షాగిర్ద్’, అంటే ‘మీ విధేయ శిష్యుడు’ అని ఉంటుంది. అది దింపేస్తే స్టాఫ్‌రూమ్‌లో నెల రోజులు నవ్వుకుంటారు! మీరు ‘అల్ ఆరిజ్’, అంటే ‘దరఖాస్తుదారు’ అని పెట్టి (ఆడవాళ్లయితే ‘అల్ ఆరిజా’), కింద పేరు, హోదా, సంతకం, తేదీ రాయండి.

పైన ‘బఖిద్మత్ ముహ్తరమా ప్రిన్సిపల్ సాహిబా’, దాని కింద స్కూలు పేరు. సార్ అయితే ‘జనాబ్ ప్రిన్సిపల్ సాహిబ్’. విషయం: ‘దర్ఖాస్త్ బరాయే రుఖ్సత్’. పెళ్లి 13న అనుకుంటే అసలు ఉత్తరం ఇంతే:

‘ముఅద్దబానా గుజారిష్ హై కె మేరీ హంషీరా కీ షాదీ 13 ఫర్వరీ కో మదనపల్లె మే ముఖర్రర్ హై. లిహాజా ముఝే 12 సే 14 ఫర్వరీ తక్ తీన్ యౌమ్ కీ రుఖ్సతె ఇత్తిఫాఖియా ఇనాయత్ ఫర్మాయే. ఐన్ నవాజిష్ హోగీ.’

హంషీరా అంటే అక్కైనా చెల్లైనా సరిపోతుంది. రుఖ్సతె ఇత్తిఫాఖియా అంటే మన క్యాజువల్ లీవ్. అది రాయకపోతే ఏ లీవులో కోయాలో ఆఫీసువాళ్లు మళ్లీ అడుగుతారు.

టైప్ చేస్తుంటే తేదీల మధ్య గీత పెట్టకండి. ఉర్దూ కుడి నుంచి నడుస్తుంది కాబట్టి 12, 14 తారుమారుగా కనిపిస్తాయి. అందుకే పైన ‘సే, తక్’ వాడాను. ఆ మూడు రోజులూ మీ క్లాసులు ఎవరు తీసుకుంటారో ఒక వాక్యం కలిపితే మేడమ్ వెంటనే సంతకం పెట్టేస్తారు.