వివరం చెప్పకుండా కృతజ్ఞత చెప్పడమెలా?

ప్రశ్న: మొన్న వేసవిలో మా ఇంట్లో పెద్ద కష్టం వచ్చింది. అదేమిటో ఎవరికీ చెప్పలేదు, చెప్పను కూడా. ఆ రోజుల్లో నా స్నేహితురాలు రాత్రిళ్లు ఫోన్‌లో నా ఏడుపు వింది, ఏమీ అడగలేదు. తనకి థ్యాంక్స్ చెబుతూ వాట్సాప్‌లో రాద్దామంటే భయం. వాళ్లాయన మాకు చుట్టం, ఆమె ఫోన్ ఆయన కూడా చూస్తారు. ఎలా రాయను?

జవాబు: మీ మెసేజ్‌ను వాళ్లాయన పైకి చదివినా ఫర్వాలేదనిపించేలా రాయండి. ‘ఆ విషయంలో’, ‘నీకు తెలుసుగా’, ‘ఎవరికీ చెప్పకు’ లాంటి మాటలు పెట్టొద్దు. మీరు దాచాలనుకున్నది బయటపడేది వాటివల్లే. ‘ఏ విషయంలో?’ అని ఆయన అడిగితే ఆమె మీ కోసం అబద్ధమాడాల్సి వస్తుంది. పంపాక భయమేసి తుడిపేయడం ఇంకా ప్రమాదం. తుడిపేసినట్టు గుర్తు అక్కడే ఉండిపోతుంది, చూసినవాళ్లకు అనుమానం మొదలవుతుంది.

మీకు ఏం జరిగిందో కాకుండా ఆమె ఏం చేసిందో రాయండి. ఇలాగన్నమాట:

‘ఏమే, ఎప్పట్నుంచో చెప్పాలనుకుంటున్నా. నేను ఎప్పుడు ఫోన్ చేసినా చేతిలో పని పక్కన పెట్టి వింటావు. ఒక్కసారి కూడా విసుక్కోలేదు. నువ్వు “అన్నం తిన్నావా” అని అడుగుతుంటే నాకెంత హాయిగా ఉంటుందో. థ్యాంక్సే. దీనికి జవాబు రాయక్కర్లేదు. ఆదివారం ఫోన్ చేస్తా, ఈసారి నీ కబుర్లు చెప్పు.’

ఇందులో వేసవి లేదు, ఏడుపు లేదు, రాత్రి లేదు. అయినా ఏ రోజుల గురించో ఆమెకు అర్థమవుతుంది. ‘అన్నం తిన్నావా’ అన్నది నేను వేసిన మాట. దాని స్థానంలో ఆమె నిజంగా అనే మాట పెట్టండి. ‘జవాబు రాయక్కర్లేదు’ అన్నది మాత్రం తీసేయొద్దు. అది లేకపోతే ‘ఇప్పుడెలా ఉంది, అది తేలిందా?’ అని ఆమె ప్రేమగానే రాస్తుంది, ఆ మాటలు మళ్లీ అదే ఫోన్‌లో ఉంటాయి. ‘నీ రుణం ఈ జన్మలో తీర్చుకోలేను’ అని కూడా రాయకండి. అంత పెద్ద మాట చూస్తే ఎవరికైనా కారణం వెతకాలనిపిస్తుంది. చీర పంపుదామనుకుంటున్నారేమో, ఇప్పుడు వద్దు. ఎందుకిచ్చారని ఇల్లంతా అడుగుతారు. పండక్కి పెడితే ఎవరూ అడగరు.

‘నేను మాట్లాడలేకపోయినా నువ్వు ఫోన్ పెట్టేయలేదు’ అన్న అసలు మాట ఆదివారం నోటితోనే చెప్పండి, ఆమె ఒంటరిగా ఉందో లేదో ముందు అడిగి. అప్పుడు ఆమె ఏం జరిగిందని అడిగితే, ‘ఇప్పుడు ఫర్వాలేదే, దాని గురించి మాట్లాడాలని లేదు’ అనండి చాలు. కథ అల్లకండి, అల్లితే దాన్ని గుర్తు పెట్టుకుని తిరగాలి. అన్నాళ్లూ అడగని మనిషి ఇప్పుడు పట్టుబడుతుందని నేననుకోను. ఆ తర్వాత వాళ్లింటి సంగతులు అడగండి. ఇన్నాళ్లూ ఆమె చెప్పుకోవాలనుకుని ఆపుకున్నవి ఉండే ఉంటాయి.