ప్రాణ స్నేహితురాలి పెళ్లి కార్డులో దీవెనా, చిన్న చమత్కారమూ కలిపి రాయడం ఎలా?

ప్రశ్న: డిగ్రీ నుంచీ కలిసి తిరిగిన స్నేహితురాలి పెళ్లి వచ్చే నెలలో. గిఫ్టుతో పాటు చేత్తో రాసిన కార్డు ఇవ్వాలనుకుంటున్నాను. నెట్లో దొరికేవి అన్నీ ఒకే మూసలో ఉన్నాయి. మనిషి బంగారం, కానీ ఎక్కడికైనా అరగంట లేటు. దాని మీద కాస్త సరదాగా రాయాలని ఉంది. అత్తవారింట్లో ఎవరైనా చదివినా ఇబ్బంది రాకూడదు. ఎలా రాయను?

జవాబు:

ముందు ఆ కార్డు ఎవరి చేతిలో, ఎప్పుడు తెరుచుకుంటుందో ఊహించుకోండి. రిసెప్షన్ స్టేజీ మీద దాన్ని ఎవరూ చదవరు. గిఫ్టులన్నీ ఒక సంచిలోకి వెళతాయి. ఒకటి రెండు రోజుల తర్వాత ఇంట్లో అందరూ చుట్టూ కూర్చుని విప్పుతుంటారు. ఎవరిచ్చారో చూడమంటే ఆడపడుచో, చిన్న మామగారో కార్డు తీసి పైకి చదువుతారు. మీ స్నేహితురాలు ఆ ఇంటికి అప్పుడు పూర్తిగా కొత్త. మీ జోకుకి కాలేజీ క్యాంటీన్లో పడి నవ్విన మనిషే ఆ గదిలో అత్తగారి మొహం చూశాకే నవ్వుతుంది. కాబట్టి రాసిన ప్రతి వాక్యాన్నీ ఆ అత్తగారి గొంతులో ఒకసారి పైకి చదివి చూసుకోండి. ఎక్కడ గొంతు తగ్గించాలనిపిస్తే అక్కడ మార్చాలి.

ఈ లెక్కన వంట రాకపోవడం, పొద్దెక్కేదాకా నిద్ర, కోపం, ఖర్చు, పాత పరిచయాలు, కాలేజీ ముద్దుపేర్లు కార్డులోకి రాకూడదు. పెళ్లికొడుక్కి వంట రాదంటే అందరూ నవ్వి ఊరుకుంటారు. పెళ్లికూతురికి వంట రాదని రాస్తే అది ఆ ఇంట్లో ఏడాది తర్వాత కూడా గుర్తుంటుంది. ఇది న్యాయం కాదు, కానీ కార్డు రాసేటప్పుడు లెక్కలోకి తీసుకోవాల్సిందే. “స్వేచ్ఛకి సెలవు”, “జైలుకి స్వాగతం” లాంటివి వాట్సాప్‌లో అరిగిపోయాయి. పైగా పక్కన కూర్చున్న పెళ్లికొడుకుని జైలరుని చేస్తాయి. పిల్లల గురించి తొందరపెట్టే మాటలు కూడా వద్దు, ఆ పనికి చుట్టాలు చాలామంది ఉంటారు.

మరి ఆలస్యం? అది కూడా కొంచెం ప్రమాదమే, కానీ వాడుకోవచ్చు. సాధారణంగా మనవాళ్లు మొదట రాసే ముసాయిదా ఇలా ఉంటుంది:

“ఎప్పుడూ లేటుగా వచ్చే మా ఆలస్యలక్ష్మికి పెళ్లి శుభాకాంక్షలు! పాపం బావగారూ, ఇక మీకు జీవితమంతా ఎదురుచూపులే! మీరిద్దరూ చిలకా గోరింకల్లా, నిండు నూరేళ్లు, అష్టైశ్వర్యాలతో వర్ధిల్లాలని ఆశీర్వదిస్తున్నాను.”

ఇందులో మొదటి రెండు వాక్యాలూ ఒకరు రాసినట్టు, మూడోది శుభలేఖ అచ్చువేసే ప్రెస్సువాళ్లు రాసినట్టు ఉంది. నవ్వుకీ దీవెనకీ మధ్య అతుకు కనిపిస్తోంది. “ఆలస్యలక్ష్మి” అన్న పేరు సరదాగానే ఉంది, కానీ పేరు పెడితే అది అతుక్కుంటుంది. రేపటి నుంచి ఆడపడుచు అదే పేరుతో పిలుస్తుంది. “పాపం బావగారూ” అన్నప్పుడు అమ్మాయిని చేసుకుని ఆయన నష్టపోయాడన్న అర్థం వస్తుంది. ఇక “ఆశీర్వదిస్తున్నాను” అన్నది పెద్దవాళ్ల మాట. “దీర్ఘ సుమంగళీ భవ”, “శతమానం భవతి” కూడా అక్షింతలు వేసే పెద్దల నోటికే నప్పుతాయి. ఈడువాళ్లం మనం “కోరుకుంటున్నాను” అనో, “ఉండాలి” అనో అంటే చాలు. చనువున్నచోట “ఉండాలి” ఇంకా బాగుంటుంది.

అతుకు కనబడకుండా ఉండాలంటే నాకు తెలిసిన పద్ధతి ఒకటే. మనిషి అలవాటు ఒకటి తీసుకుని, పెళ్లి తంతులో దానికి సరిపోయే ఘట్టం వెతకండి. అలవాటు నవ్వునిస్తుంది, ఘట్టం దీవెననిస్తుంది. రెండూ ఒకే బొమ్మలో ఇమిడితే వేరుగా కలపాల్సిన పనే ఉండదు.

మీ స్నేహితురాలి అలవాటు ఎదురుచూసేలా చెయ్యడం. మన పెళ్లిలో ఎదురుచూపు ఎక్కడుంది? అడ్డుతెర దగ్గర. పెళ్లికొడుకు పీటల మీద కూర్చుని ఉంటాడు. మేనమామలు పెళ్లికూతుర్ని గంపలో తెచ్చి తెరకి అవతల కూర్చోబెడతారు. ముహూర్తానికి ఒకరి తల మీద ఒకరు జీలకర్ర బెల్లం పెట్టాక తెర తీస్తారు, అప్పుడే ఒకరినొకరు చూసుకోవాలి. అంటే ఆయన ఎదురుచూపు మొదలయ్యేది అక్కడే. మీ కార్డుకి కావలసిందంతా ఆ తెరలో ఉంది.

ఇంకో మార్పు కూడా చెయ్యాలి. ఆలస్యం చేసిన మనిషి మీద కాకుండా ఎదురుచూసిన మనిషి మీద, అంటే మీ మీద జోకు వేసుకోండి. విషయం అదే, కానీ ఆవిడ తప్పు వినబడదు, మీ బెంగ వినబడుతుంది. ఇలా రాసి చూడండి:

“ఇన్నాళ్లూ మన బస్టాపులో నీకోసం ఎదురుచూసే ఉద్యోగం నాదే. జీతం లేదు గానీ, నువ్వు రాగానే చెప్పే కబుర్లతో గిట్టుబాటయ్యేది.

బావగారూ, పీటల మీద తెర తీసేదాకా ఎదురుచూశారు కదా, ఆ ఉద్యోగంలో మీరు చేరిపోయినట్టే. అనుభవం మీద చెబుతున్నాను, తను వచ్చాక ఎదురుచూసిన సంగతే గుర్తుండదు.

తెర తీయగానే ఒకరినొకరు చూసుకున్న ఆ చూపు మీ ఇద్దరికీ నూరేళ్లూ కొత్తగానే ఉండాలి. ఎప్పుడైనా అలక తెరలా అడ్డం వస్తే, కాఫీ చల్లారేలోపే తొలగిపోవాలి.”

అత్తగారు పైకి చదివినా ఇందులో గొంతు తగ్గించాల్సిన చోటు లేదు. అమ్మాయి లేటుగా వస్తుందని ఎక్కడా అనలేదు, తెలిసినవాళ్లకి మాత్రం తెలుస్తుంది. తెలియనివాళ్లకి అది స్నేహంలా వినబడుతుంది. నూరేళ్లు అన్న పాత మాట ఉంది, కానీ దానికి పట్టుకోవడానికి ఒక చూపు దొరికింది. చివరి వాక్యంలో “అస్సలు గొడవపడకండి” అనలేదు చూడండి. ఆ దీవెనని ఎవరూ నమ్మరు. అలక వస్తుందని ఒప్పుకుని, తొందరగా పోవాలని కోరితే అందరూ తలూపుతారు.

పిలుపుల విషయంలో మాత్రం జాగ్రత్త. ఆవిడ మీకు “నువ్వు”, ఆయన “మీరు”. రెండూ ఒకే వాక్యంలో పెడితే “నువ్వూ మీరూ” అని ఎక్కడో తడబడి తీరుతారు. అందుకే పైన మూడు ముక్కలు చేశాను: మొదటిది ఆవిడకి, రెండోది ఆయనకి, మూడోది ఇద్దరికీ. ఆయన్ని మీరింకా కలవకపోతే, ఆ ఇంట్లో వరసల పట్టింపు ఎక్కువని తెలిస్తే, “బావగారూ” బదులు పేరు పక్కన “గారూ” చేర్చండి. శుభలేఖలో ఉంది కదా అని “చి.ల.సౌ.” మాత్రం ఎత్తి రాయకండి. అది చిన్నవాళ్ల పేరు ముందు పెద్దలు పెట్టేది.

కాలం కూడా చూసుకోవాలి. రాసేది పెళ్లికి ముందు, చదివేది తర్వాత. కాబట్టి తప్పకుండా జరిగే వాటినే “జరిగింది” అన్నట్టు రాయండి. “ఎర్ర పట్టుచీరలో మెరిసిపోయావు” అని ముందే రాసేస్తే, ఆవిడ తెల్ల మధుపర్కాల్లో పీటల మీద కూర్చుంటుంది. వాళ్లింట్లో అడ్డుతెర పద్ధతి ఉందో లేదో వాళ్ల అమ్మగారిని ఒక్కమాట అడగండి. కార్డు పెళ్లికూతుర్ని చేసే రోజునే ఇచ్చేస్తున్నట్టయితే “ఎదురుచూశారు కదా”ని “ఎదురుచూస్తారు కదా” అనీ, “చూసుకున్న చూపు”ని “చూసుకునే చూపు” అనీ మార్చుకోవాలి.

పద్ధతి ఒకటే అయినా అలవాటు మారితే ఘట్టం మారుతుంది. తాళాలు, ఫోను ఎక్కడో పెట్టి వెతుక్కునే మనిషికి బిందెలో ఉంగరం తీసే ఆట సరిపోతుంది. మ్యాపు పెట్టుకుని కూడా తిరిగిన వీధిలోనే తిరిగే మిత్రుడికి ఏడడుగులు. కానీ అక్కడ “దారి తప్పేవాడివి” అని రాశారో, పెద్దవాళ్లకి వేరే అర్థం తోస్తుంది. “దారి మర్చిపోయేవాడివి” అనండి. రిజిస్టరు పెళ్లయితే తెర, గంప ఉండవు గానీ, స్పెషల్ మ్యారేజ్ చట్టం కింద నోటీసిచ్చి 30 రోజులు ఆగాలి, ముగ్గురు సాక్షులు సంతకాలు పెట్టాలి. ఎదురుచూపు జోకుకి ఆ నెల రోజులు తెరకన్నా బాగా పనికొస్తాయేమో కూడా.

నిడివి 50 నుంచి 60 మాటలు చాలు. ఏడంగుళాల కార్డులో కుడివైపు పేజీకి చేతిరాతతో అంతే పడుతుంది. తెలుగులో పైన గుడులు, కింద వత్తులు వస్తాయి కాబట్టి వరసల మధ్య సుమారు సెంటీమీటరు వదలాలి. లేకపోతే పై వరస వత్తు కింది వరస గుడిలో ఇరుక్కుంటుంది. అదే కొలతకి తెల్లకాగితం కోసి, దాని మీద ఒకసారి పూర్తిగా రాసి చూసుకోండి. నున్నటి కార్డు మీద జెల్ పెన్ను సిరా తొందరగా ఆరదు, మడిస్తే ఎదుటి పేజీ మీద అచ్చు పడుతుంది. బాల్‌పెన్నుతో రాయండి. “శుభాకాంక్షలు”లో “క్ష” సరిగ్గా పడిందో లేదో చూసుకోండి, తొందరలో చాలామంది “శుభాకాంశలు” అని రాసేస్తారు.

డబ్బు కూడా పెడుతున్నట్టయితే, 1116 అయినా ఎంతైనా, దాన్ని ఈ కార్డులో పెట్టకండి. చదివింపుల కవరు మండపంలోనే విప్పి పుస్తకంలో పద్దు రాసేవాళ్లు ఉంటారు. మీ కార్డు మొదట ఆ పద్దు రాసే ఆయన చదువుతాడు. డబ్బు కవరు వేరుగా ఇచ్చి, దాని మీద ఇంటిపేరుతో సహా మీ పేరు, ఊరు రాయండి. కార్డుని అంటించిన కవరులో పెట్టి గిఫ్టు కాగితం లోపల ఉంచండి. కార్డు కింద మాత్రం ఇంటిపేరు అక్కర్లేదు, ఆవిడ మిమ్మల్ని ఏమని పిలుస్తుందో ఆ పేరు రాస్తే చాలు.